పాత బాకీకి సప్లయర్ తగ్గించి ఒప్పుకుంటే: ఉత్తరం నుంచి లాభం పద్దు దాకా

ఏళ్ల తరబడి నానుతున్న బాకీ గురించి సప్లయర్ ఒకరోజు ఫోన్ చేసి, "సరే సార్, మూడు యాభై నాలుగు వేసేయండి, క్లోజ్ చేసేద్దాం" అంటాడు. మనం ఇవ్వాల్సింది 4,72,000. అంటే 1,18,000 మిగిలినట్టే అనిపిస్తుంది. నిజానికి అందులో కొంత జీఎస్టీలో పోతుంది, కొంత ఆదాయపు పన్నులో పోతుంది. పైగా ఆ ఫోన్ మాట కాగితం మీదకు రాకపోతే లాభం మాట అలా ఉంచి, బాకీ కూడా తీరదు. ఈ పనిని ఏ వరసలో చేయాలో, పుస్తకాల్లో ఎప్పుడు, ఎంత రాయాలో ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా చూద్దాం.

రాజమండ్రిలో ఎలక్ట్రికల్ సామాన్లు అమ్మే ఒక భాగస్వామ్య సంస్థ ఉందనుకోండి. 2023 జూన్ 12న హైదరాబాద్‌లోని ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర వైర్లు, స్విచ్‌లు కొన్నారు. సరుకు విలువ 5,00,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 90,000, మొత్తం బిల్లు 5,90,000. ఆగస్టులో 1,18,000 కట్టారు. ఆ తర్వాత వ్యాపారం నెమ్మదించి మిగతా 4,72,000 అలాగే ఉండిపోయింది. 2026 జనవరిలో డిస్ట్రిబ్యూటర్ 3,54,000 తీసుకుని లెక్క ముగించడానికి ఒప్పుకున్నాడు. సరుకు అమ్ముడైపోయింది, దాని మీద తగాదా ఏమీ లేదు.

బేరానికి ముందు ఖాతా సరిచూసుకోండి

మొదట సప్లయర్ దగ్గర నుంచి వాళ్ల పుస్తకాల్లో మన లెడ్జర్ తెప్పించుకోండి. పాత ఖాతాల్లో రెండు వైపులా ఒకే అంకె ఉండటం అరుదు. మనం వెనక్కి పంపిన సరుకుకు వాళ్లు క్రెడిట్ నోట్ వేసి ఉండరు, లేదా ఆలస్యానికి వాళ్లు వడ్డీ డెబిట్ చేసుకుని ఉంటారు. ఆ తేడాలు ముందే తేల్చుకోకుండా బేరానికి దిగితే, "ఫుల్ సెటిల్‌మెంట్" అన్నాక కూడా వాళ్ల లెడ్జర్‌లో ఒక వడ్డీ పద్దు మిగిలిపోతుంది. ఏడాది తర్వాత ఆ సంస్థలో కొత్తగా చేరిన అకౌంటెంట్ దాని కోసం మళ్లీ ఫోన్ చేస్తాడు.

ఈ దశలో ఇంకొకటి కూడా చూడాలి. లిమిటేషన్ చట్టం ప్రకారం ఇలాంటి బాకీ మీద దావా వేయడానికి మామూలుగా మూడేళ్లే గడువు. గడువు తీరకముందే మనం సంతకం పెట్టి "మీకు 4,72,000 ఇవ్వాలి, నిజమే" అని రాసిస్తే, ఆ రోజు నుంచి మూడేళ్ల లెక్క మళ్లీ మొదలవుతుంది. బేరం చెడిపోతే ఆ కాగితం సప్లయర్ చేతిలో ఉంటుంది. అలాగని బాకీ ఎగ్గొట్టమని నేను చెప్పడం లేదు. సరుకు తీసుకున్నాం, డబ్బు ఇవ్వాలి. బేరసారాల మధ్యలో రాసే మెయిళ్లు, వాట్సాప్ మెసేజ్‌లు ఏం రాస్తున్నామో తెలిసి రాయాలి, అంతే.

సప్లయర్ వైపు నుంచి కూడా ఆలోచించండి. ఆ బిల్లు మీద 90,000 జీఎస్టీ అతను ఎప్పుడో ప్రభుత్వానికి కట్టేశాడు. మన బాకీ రాలేదని ఆ పన్ను అతనికి వెనక్కి రాదు. వదిలేసిన మొత్తాన్ని రానిబాకీగా తన పుస్తకాల్లో రైటాఫ్ చేస్తే ఆదాయపు పన్నులో మాత్రం కొంత ఊరట దొరుకుతుంది. అందుకే చాలామంది మార్చి దాటేలోపే తేల్చుకోవాలని చూస్తారు. బేరం ఎప్పుడు కుదురుతుందో ఇది తెలిస్తే అర్థమవుతుంది.

ఉత్తరం: అసలు పని ఇక్కడే

మన కాంట్రాక్ట్ చట్టం, 1872లో 63వ సెక్షన్ ఈ విషయంలో చాలా సూటిగా ఉంటుంది. అప్పు ఇచ్చినవాడు తనకు రావాల్సినదాన్ని పూర్తిగా గానీ కొంత గానీ వదులుకోవచ్చు. చట్టంలోనే ఉదాహరణ ఉంది: 5,000 రూపాయల బాకీకి 2,000 ఇచ్చి, దాన్ని మొత్తం బాకీ కింద అతను ఒప్పుకుంటే, బాకీ అంతా తీరినట్టే. మరో ప్రతిఫలం ఏదీ ఇవ్వక్కర్లేదు. కాబట్టి ఒప్పందం చెల్లుతుందా అనే దిగులు వద్దు. ఒప్పుకున్నాడని రుజువు చూపడమే కష్టం.

ఉత్తరం సప్లయర్ లెటర్‌హెడ్ మీద ఉండాలి. సంతకం పెట్టే అధికారం ఉన్నవాళ్లే పెట్టాలి. సొంత వ్యాపారమైతే యజమాని, భాగస్వామ్యమైతే భాగస్వామి, కంపెనీ అయితే డైరెక్టర్ గానీ వాళ్లు అధికారం ఇచ్చిన వ్యక్తి గానీ. ఆర్డర్లు తీసుకెళ్లే సేల్స్ మేనేజర్ సంతకం సరిపోదు. అతను ఉద్యోగం మారితే ఆ కాగితానికి దిక్కుండదు. మన ఉదాహరణకు సరిపడే ఉత్తరం ఇలా ఉండొచ్చు:

"12-06-2023 నాటి మా ఇన్వాయిస్ నం. ____కు సంబంధించి మీ నుంచి మాకు రావాల్సిన నిల్వ రూ. 4,72,000. దీనికి పూర్తి, తుది పరిష్కారంగా రూ. 3,54,000 స్వీకరించడానికి అంగీకరిస్తున్నాం. ఈ మొత్తం 31-01-2026 లోపు మా బ్యాంకు ఖాతాలో జమ అయిన వెంటనే మిగిలిన రూ. 1,18,000, ఆ బిల్లుపై ఇప్పటివరకు అయిన, ఇకపై కాగల వడ్డీ, ఇతర క్లెయిములు అన్నీ వదులుకున్నట్టే. ఈ బాకీకి హామీగా మీరు ఇచ్చిన చెక్కులు తిరిగి ఇస్తాం. ఈ బిల్లుపై జీఎస్టీతో కూడిన క్రెడిట్ నోట్ జారీ చేయడం లేదు."

ఇందులో ప్రతి వాక్యానికీ పని ఉంది. ఇన్వాయిస్ తేదీ, నంబరు లేకపోతే ఏ బాకీ తీరిందో తెలియదు. బిల్లులు నాలుగైదు ఉంటే ఒక్కోదానికి ఎంత కట్టారో, ఎంత వదిలారో పట్టిక జతచేయించండి, జీఎస్టీ లెక్కకు అది తప్పనిసరిగా కావాలి. "జమ అయిన వెంటనే" అనే మాట వల్ల మాఫీ ఏ రోజున జరిగిందో స్పష్టమవుతుంది. వడ్డీ మాట లేకపోతే అసలు తీరి వడ్డీ మిగులుతుంది. ఇక చెక్కుల విషయం. పాత రోజుల్లో హామీ కింద ఇచ్చిన ఖాళీ చెక్కు ఒకటి అక్కడ ఉండిపోతే, దాన్ని ఎప్పుడైనా బ్యాంకులో వేసి చెక్ బౌన్స్ కేసు పెట్టే దారి తెరిచి ఉంచినట్టే. చెక్కుల నంబర్లు రాయించి, డబ్బు పడిన రోజే తిరిగి తీసుకోండి.

డబ్బు బ్యాంకు ద్వారానే

సెటిల్‌మెంట్ డబ్బు నగదుగా ఇవ్వకండి. గత సంవత్సరాల కొనుగోలుకు ఇప్పుడు ఒకే రోజు 10,000 మించి నగదు ఇస్తే, అప్పట్లో ఖర్చుగా చూపిన ఆ మొత్తాన్ని ఇప్పుడు మన ఆదాయంగా కలుపుతారు. ఆర్‌టీజీఎస్ చేసి, బ్యాంకు ఇచ్చే లావాదేవీ నంబరు యూటీఆర్‌ను ఉత్తరం వెనకే ఫైలు చేయండి. బ్యాంకులో వివరం రాసే చోట "ఫుల్ అండ్ ఫైనల్" అని, బిల్లు తేదీతో సహా రాయించడం చిన్న పనే, కానీ తర్వాత బాగా పనికొస్తుంది.

జీఎస్టీ: చాలామంది మర్చిపోయే భాగం

బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సప్లయర్‌కు పన్నుతో సహా డబ్బు కట్టకపోతే, కట్టని భాగానికి తగిన ఐటీసీని, అంటే కొనుగోలు మీద పడిన జీఎస్టీకి మనం తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను, వెనక్కి ఇచ్చేయాలని సీజీఎస్టీ చట్టం 16(2) సెక్షన్, 37వ రూల్ చెబుతున్నాయి. తర్వాత డబ్బు కట్టినప్పుడు ఆ మేరకు మళ్లీ తీసుకోవచ్చు. ఇలా తిరిగి తీసుకోవడానికి మామూలు ఐటీసీ గడువు అడ్డురాదు.

మన ఉదాహరణలో 180 రోజులు 2023 డిసెంబరు 9తో ముగిశాయి. అప్పటికి 5,90,000లో 4,72,000 కట్టలేదు కాబట్టి 90,000లో అదే నిష్పత్తిలో 72,000 ఐటీసీని రాజమండ్రి షాపు వాళ్లు ఆ వెంటనే వేసిన GSTR-3Bలో రివర్స్ చేశారు. రిటర్నులో `4(B)(2)` వరసలో చూపించారు. పుస్తకాల్లో ఆ 72,000ను ఖర్చు రాయకుండా "తిరిగి తీసుకోవాల్సిన ఐటీసీ" అనే లెడ్జర్‌లో ఆస్తిగా ఉంచారు. బాకీ కట్టగానే తిరిగి వస్తుంది కాబట్టి ఇది సరైన పద్ధతి.

ఇప్పుడు 3,54,000 కట్టారు. దానికి తగిన ఐటీసీ 54,000. కట్టిన నెల GSTR-3Bలో `4(A)(5)`లో దాన్ని కలిపి, `4(D)(1)`లో కూడా చూపాలి. పోర్టల్‌లో `Electronic Credit Reversal and Re-claimed Statement` అనే పేజీలో పాత రివర్సల్ నిల్వ కనిపిస్తుంది. అక్కడ నిల్వ లేకపోతే తిరిగి తీసుకునేటప్పుడు హెచ్చరిక వస్తుంది, కాబట్టి ముందే చూసుకోండి. మిగిలిన 18,000 మాత్రం ఇక ఎప్పటికీ రాదు, ఎందుకంటే దానికి సంబంధించిన డబ్బు మనం ఇక ఎప్పటికీ కట్టం.

ఇక్కడ చాలామంది ఒక ప్రశ్న అడుగుతారు: సప్లయర్ క్రెడిట్ నోట్ ఇస్తే ఈ గొడవ ఉండదు కదా? జీఎస్టీతో కూడిన క్రెడిట్ నోట్ ద్వారా సప్లయర్ తన పన్ను తగ్గించుకోవాలంటే, బిల్లు వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 లోపు దాన్ని రిటర్నులో చూపాలి. 2023 జూన్ బిల్లుకు ఆ గడువు 2024 నవంబరు 30తో పోయింది. గడువు ఉన్నా అది మనకు లాభమేమీ కాదు, అతను పన్ను తగ్గించుకుంటే మనం ఐటీసీ తగ్గించుకోవాల్సిందే. ఇక మిగిలింది జీఎస్టీ లేని ఫైనాన్షియల్ క్రెడిట్ నోట్. 2025 సెప్టెంబరులో వచ్చిన 251వ నంబరు సర్క్యులర్, అలాంటి నోటు ద్వారా ఇచ్చే డిస్కౌంట్‌కు కొన్నవాళ్లు ఐటీసీ తిప్పక్కర్లేదని చెప్పింది. దాన్ని చూపించి 18,000 కూడా తీసేసుకోవచ్చని కొందరు సలహా ఇస్తారు. నా అభిప్రాయం వేరు. ఆ సర్క్యులర్ మాట్లాడేది అమ్మకంలో భాగంగా ఇచ్చే డిస్కౌంట్ గురించి. మనది రెండున్నరేళ్లు కట్టకుండా ఉండి మాఫీ చేయించుకున్న బాకీ, 180 రోజుల షరతు దీనికి విడిగా వర్తిస్తుంది. 18,000 కోసం నోటీసు తెచ్చుకోవడం కంటే వదిలేయడమే మంచిది.

మరి 180 రోజులు దాటినా ఎవరూ రివర్స్ చేయలేదనుకోండి, ఇది చాలా షాపుల్లో జరిగేదే. అప్పుడు సెటిల్‌మెంట్ నాటికి మాఫీ అయిన భాగం ఐటీసీని రివర్స్ చేయడంతో పాటు, వాడుకున్న క్రెడిట్‌కు ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ లెక్క కూడా వస్తుంది. బేరంలో ఎంత తగ్గితే గిట్టుబాటు అని చూసేటప్పుడు ఈ వడ్డీని కూడా కలుపుకోండి.

పుస్తకాల్లో ఎంట్రీ: ఎంత, ఎప్పుడు

ఉత్తరం వచ్చిన రోజున లాభం రాయకండి. ఆ ఉత్తరం ప్రకారం డబ్బు జమ అయితేనే మాఫీ. అంతవరకు మనం ఇవ్వాల్సింది 4,72,000 గానే ఉంటుంది. మార్చి 28న ఉత్తరం వచ్చి ఏప్రిల్ 4న డబ్బు కడితే, ఆ లాభం కొత్త సంవత్సరానిది. వాయిదాల్లో కట్టే ఒప్పందమైతే, చివరి వాయిదా తప్పితే పాత బాకీ మొత్తం తిరిగి వస్తుందని రాసి ఉందో లేదో చూడండి. అలా ఉంటే చివరి వాయిదా కట్టాకే లాభం.

డబ్బు కట్టిన రోజు మూడు ఎంట్రీలు పడతాయి. మొదటిది మామూలు పేమెంట్. రెండోది 54,000 ఐటీసీని తిరిగి ఇన్‌పుట్ ఖాతాలోకి తేవడం. మూడోది మాఫీ:

```
సప్లయర్ ఖాతా                  డెబిట్    1,18,000
  తిరిగి తీసుకోవాల్సిన ఐటీసీ       క్రెడిట్     18,000
  పాత బాకీల రైట్‌బ్యాక్            క్రెడిట్   1,00,000
```

అంటే వదిలేసినది 1,18,000 అయినా, మన లాభం 1,00,000 మాత్రమే. మిగతా 18,000, రాని ఐటీసీకి సరిపోయింది. ఈ ఎంట్రీ తర్వాత సప్లయర్ ఖాతా, ఐటీసీ లెడ్జర్ రెండూ సున్నా కావాలి. కాకపోతే ఎక్కడో నిష్పత్తి తప్పిందన్నమాట.

ఇవ్వక్కర్లేకుండా పోయిన బాకీని ఆదాయంగా రాసే ఈ రైట్‌బ్యాక్ లెడ్జర్‌ను టాలీలో `Indirect Incomes` కింద తెరవండి. చాలామంది తొందరలో దీన్ని కొనుగోళ్ల ఖాతాకు క్రెడిట్ చేస్తారు. అలా చేస్తే ఈ ఏడాది కొనుగోళ్లు లక్ష తగ్గి, గ్రాస్ ప్రాఫిట్ శాతం కారణం లేకుండా పెరుగుతుంది. బ్యాంకువాళ్లు, ఆడిటర్ ఇద్దరూ అక్కడే ఆగి అడుగుతారు. 2023 నాటి సరుకుకూ ఈ ఏటి కొనుగోళ్లకూ సంబంధం లేదు. పాత లెక్కల్లో తప్పు జరిగిందని కూడా కాదు, కాబట్టి పాత సంవత్సరాల పద్దులు తిరగరాయక్కర్లేదు. ఈ ఏడాది ఒప్పందం కుదిరింది, లాభమూ ఈ ఏడాదిదే. సంస్థ పరిమాణానికి ఆ మొత్తం పెద్దదైతే లాభనష్టాల ఖాతాలో విడిగా ఒక వరసగా చూపండి.

జర్నల్ వేసేటప్పుడు `Bill-wise Details`లో `Agst Ref` ఎంచుకుని ఆ పాత బిల్లునే చూపాలి. `On Account` అని వదిలేస్తే లెడ్జర్ నిల్వ సున్నా అవుతుంది గానీ, బాకీల రిపోర్టులో ఒక వైపు పాత బిల్లు 1,18,000, మరో వైపు విడి డెబిట్ 1,18,000 కనిపిస్తూనే ఉంటాయి. ఆ రిపోర్టు చూసి ఎవరో పొరపాటున ఆ బిల్లును మళ్లీ కట్టేసే ప్రమాదం ఉంది.

ఆదాయపు పన్ను

2025-26 సంవత్సరానికి వర్తించే 1961 చట్టంలో దీనికి 41(1) సెక్షన్ ఉంది. ఒక బాకీకి గతంలో ఖర్చు తగ్గింపు తీసుకుని, తర్వాత ఆ బాకీ మాఫీ అయితే, ఆ మేరకు మాఫీ అయిన సంవత్సరంలో వ్యాపార ఆదాయంగా పన్ను పడుతుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించేది కొత్త చట్టం కాబట్టి, ఆ తర్వాత జరిగే సెటిల్‌మెంట్లకు సెక్షన్ నంబరు కొత్త చట్టంలో చూసుకోండి.

గతంలో తగ్గింపు తీసుకున్నామా అన్నదే ఇక్కడ కీలకం. మన షాపు 5,00,000 కొనుగోలును ఖర్చుగా చూపింది, 90,000 పన్నును చూపలేదు. అందుకే ఆదాయం సరిగ్గా 1,00,000. భాగస్వామ్య సంస్థకు 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్ కలిపి 31,200 అవుతుంది. ఇప్పుడు మొత్తం లెక్క చూడండి: వదిలేసినది 1,18,000. రాని ఐటీసీ 18,000, పన్ను 31,200 తీసేస్తే చేతిలో నిజంగా మిగిలేది 68,800. బేరానికి కూర్చున్నప్పుడు మనసులో ఉండాల్సిన అంకె ఇదే.

సప్లయర్ సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమగా ఉద్యమ్‌లో నమోదైన తయారీదారు అయితే కథ మారుతుంది. 2023-24 నుంచి 43బి(హెచ్) నిబంధన వచ్చింది. అలాంటివాళ్లకు గరిష్ఠంగా 45 రోజుల గడువులోపు కట్టని బాకీని, నిజంగా కట్టిన ఏడాదిలోనే ఖర్చుగా ఒప్పుకుంటారు. అప్పుడు మన ఉదాహరణలో కట్టని 4,00,000 సరుకు విలువ 2023-24లోనే ఖర్చుగా చెల్లకుండా పోయి ఉండేది. ఇప్పుడు కట్టిన దానిలో 3,00,000 ఈ ఏడాది ఖర్చుగా వస్తుంది. మాఫీ అయిన 1,00,000కు తగ్గింపు ఎప్పుడూ తీసుకోలేదు కాబట్టి, లాభనష్టాల ఖాతాలో ఆదాయంగా కనిపించినా పన్ను లెక్కలో దాన్ని తీసేయాలి. ఇది గమనించకపోతే ఒకే లక్ష మీద రెండుసార్లు పన్ను కట్టినట్టవుతుంది. పాత సంవత్సరం ఆదాయ లెక్క తెరిచి ఆ బిల్లు అక్కడ ఉందో లేదో చూడటానికి పది నిమిషాలు చాలు. మనం ఉదాహరణగా తీసుకున్న డిస్ట్రిబ్యూటర్ కేవలం వ్యాపారి, తయారీదారు కాదు కాబట్టి ఈ నిబంధన అతనికి తగలదు.

బాకీ సరుకుది కాక యంత్రానిది అయితే కూడా జాగ్రత్త. దాన్ని ఖర్చుగా చూపలేదు, ఆస్తిగా పెట్టి తరుగుదల తీసుకున్నారు. అక్కడ 41(1) నేరుగా వర్తించదు, ఆస్తి విలువ తగ్గించడమా కాదా అనేది మీ ఆడిటర్‌తో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.

సప్లయర్‌తో మాట్లాడకుండా, "ఇంక అడగడులే" అని మనంతట మనమే పాత బాకీని రైట్‌బ్యాక్ చేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అలా చేసినా 41(1) ప్రకారం పన్ను పడుతుంది, కానీ బాకీ తీరదు. పన్ను కట్టాక సప్లయర్ వచ్చి డబ్బు అడిగితే ఇవ్వాల్సిందే. చిన్న మొత్తమైనా సరే, ఉత్తరం తెచ్చుకున్నాకే ఆ ఎంట్రీ వేయండి.

మూసేశాక

డబ్బు పడిన వారంలోపు సప్లయర్ నుంచి నిల్వ సున్నా అని ధృవీకరణ తెప్పించండి, వాళ్ల లెడ్జర్ కాపీతో సహా. వాళ్లు 1,18,000ను రైటాఫ్ చేశారో, ఇంకా రావాల్సిన బాకీగానే ఉంచారో అందులో తెలిసిపోతుంది. ఒప్పందం ప్రకారం మూసేయకపోతే వెంటనే ఉత్తరం ప్రతి పంపి మార్పించండి. ఆలస్యమయ్యే కొద్దీ అక్కడ ఆ విషయం తెలిసిన మనిషి దొరకడు. ఉత్తరం, బిల్లు, యూటీఆర్, వెనక్కి తీసుకున్న చెక్కులు, 180 రోజుల నిష్పత్తి లెక్క, రివర్స్ చేసిన నెల, తిరిగి తీసుకున్న నెల రెండింటి GSTR-3B కాపీలు ఒకే ఫైలులో పెట్టండి. జీఎస్టీ అధికారి 54,000 గురించి అడిగినా, ఆదాయపు పన్ను అధికారి 1,00,000 గురించి అడిగినా ఆ ఒక్క ఫైలు చూపిస్తే సరిపోతుంది.